భోజనాల వేళ మోగే కంప్రెసర్

మధ్యాహ్నం ఒంటిగంట. బాలానగర్‌లోని చిన్న షెడ్డులో లేత్‌లన్నీ ఆగిపోయాయి, అందరూ టిఫిన్ క్యారియర్లు విప్పారు. మూలనున్న పది హెచ్‌పీ కంప్రెసర్ మాత్రం ఉన్నట్టుండి గుర్రుమంటూ మొదలై, కాసేపటికి ఆగి, మళ్లీ మొదలవుతుంది. ఎవరూ గాలి వాడటం లేదు. మరి ఆ గాలి ఎటు పోతోంది?

ఇలాంటి షెడ్డును ఉదాహరణగా తీసుకుని లెక్క వేద్దాం. కరెంటు తనిఖీకి కావాల్సింది సెల్‌ఫోన్లోని స్టాప్‌వాచ్, గోడమీది మీటరు, గ్లాసెడు సబ్బునీళ్లు.

గాలి పనిముట్లన్నీ ఆపి, కంప్రెసర్ ఎంతసేపు నడిచిందో, ఎంతసేపు ఆగిందో నాలుగైదు సార్లు చూసి సగటు కట్టాలి. ఇక్కడ 90 సెకన్లు నడుస్తోంది, 210 సెకన్లు ఆగుతోంది. మొత్తం 300లో 90 అంటే, కంప్రెసర్ ఇవ్వగల గాలిలో 30 శాతం వృథా. నడిచేటప్పుడు అది గంటకు 8 యూనిట్లు తాగితే, లీకుల వాటా 2.4 యూనిట్లు. రోజుకు పది గంటలు, నెలకు 25 రోజులు, యూనిట్ 8 రూపాయలు అనుకుంటే నెలకు 4,800 రూపాయలు గాలిలో కలిసినట్టే.

లీకు ఎక్కడుందో తెలియాలంటే ముందు ట్యాంకు దగ్గరి వాల్వు మూయాలి. అప్పుడూ గేజి ముల్లు దిగుతుంటే తప్పు ట్యాంకు దగ్గరే: నీళ్లు వదిలే కాక్‌లోనో, గాలి వెనక్కి రాకుండా ఆపే వాల్వులోనో. ముల్లు కదలకపోతే పైపుల మీదికి వెళ్లాలి. కప్లింగులు, హోస్ క్లిప్పులు, గాలి తుపాకీ ట్రిగ్గర్ల మీద సబ్బునీళ్లు రాస్తే బుడగలే చెబుతాయి. సరిచేశాక కంప్రెసర్ 70 సెకన్లు నడిచి, పదిన్నర నిమిషాలు ఆగితే వృథా 10 శాతానికి దిగినట్టు. అంతకంటే తగ్గించాలని పాత గొట్టాలతో కుస్తీ పట్టడం చాలాసార్లు దండగే.

ఇక ఖాళీగా తిరిగే లేత్. క్లాంప్ మీటరు చూసి బెంబేలెత్తకూడదు. ఖాళీ మోటారు ఆంపియర్లు ఎక్కువే లాగుతుంది, కానీ యూనిట్లు అంతగా కాల్చదు. మిగతావన్నీ ఆపి మీటరు లైటు మిణుకులు లెక్కపెట్టాలి. మీటరు మీద యూనిట్‌కు 1000 మిణుకులని రాసి ఉండి, ఐదు నిమిషాల్లో 75 వస్తే గంటకు 0.9 యూనిట్. ఉద్యోగం మార్చే మధ్యలో, టీ సమయంలో రోజుకు మూడు గంటలు ఊరికే తిరిగితే నెలకు 540 రూపాయలు. ఒక్క లేత్‌కు ఇది చిన్న మొత్తమే, నాలుగుంటే కాదు.

మోటారు మార్చడం చివరి మాట. ఐదు హెచ్‌పీ పాత మోటారు సామర్థ్యం 83 శాతం, ఐఈ3 రకానిది సుమారు 88 అనుకుంటే, నిండు లోడు మీదే గంటకు పావు యూనిట్ మిగులుతుంది. బాగున్న మోటారును తీసేయడానికి అది చాలదు. కాలిపోయి వైండింగ్‌కు వెళ్లినప్పుడు మాత్రం లెక్క మారుతుంది. రీవైండింగ్ సరిగా కుదరకపోతే సామర్థ్యం ఒకటి రెండు శాతం పడిపోతుంది, ఆ నష్టం ప్రతి నెలా బిల్లులో కనిపిస్తుంది. ఏ మోటారు ఎప్పుడు, ఎన్నిసార్లు వైండింగ్ అయిందో దాని బాడీ మీదే పెయింటుతో రాసి పెట్టుకునే ఫోర్‌మన్‌కు ఆ నిర్ణయం సులువు.