చెరిపినా తిరిగొచ్చే రికార్డు

1980లలో జిరాక్స్ కంపెనీ సొంత నెట్‌వర్క్‌లో క్లియరింగ్‌హౌస్ అనే పేర్ల పట్టిక ఒకటి ఉండేది. దాని నకళ్లు చాలా సర్వర్లలో ఉండేవి. సర్వర్లు రెండేసి చొప్పున పట్టికలు పోల్చుకుని, తమ దగ్గర లేనిది అవతలి దాని నుంచి తెచ్చుకునేవి. కొత్త పేరు అన్నిచోట్లకీ చేరడానికి ఈ పద్ధతి బాగా సరిపోయింది. చిక్కంతా తీసేయడంలోనే వచ్చింది. ఒకచోట పేరు చెరిపేస్తే, అది ఇంకా అందని పేరేమో అనుకుని పక్క సర్వర్ మళ్లీ ఎక్కించేది. ఉన్నది ప్రయాణిస్తుంది, లేనిది ప్రయాణించదు.

1987లో అలన్ డీమర్స్, ఆయన సహచరులు ఒక పరిశోధనా పత్రంలో దీనికి ఉపాయం చెప్పారు. పేరు తీసేసిన చోటును ఖాళీగా వదలకుండా ‘ఇది ఫలానా సమయంలో పోయింది’ అని ఒక డెత్ సర్టిఫికెట్ పెట్టారు. అది కూడా మామూలు రికార్డులాగే సర్వర్లన్నిటికీ పాకుతుంది, పాత నకలు ఎదురైతే తేదీ చూసి దాన్ని కొట్టేస్తుంది. అయితే వీటిని ఎల్లకాలం దాచలేరు. తొందరపడి పారేస్తే, అన్నాళ్లూ ఆగిపోయి ఉన్న సర్వర్ తిరిగొచ్చి పాత పేరును బతికిస్తుంది. అందుకని కొంతకాలం తర్వాత చాలా సర్వర్లు దాన్ని వదిలేసినా, కొన్ని మాత్రం నిద్రాణంగా ఉంచుకునేలా ఏర్పాటు చేశారు. పాత నకలు కనబడగానే అది మేల్కొని మళ్లీ పాకుతుంది. నేటి కసాండ్రా డేటాబేస్‌లోని టూంబ్‌స్టోన్ ఈ వంశానిదే. దాన్ని కనీసం పది రోజులు ఉంచాలన్నది అందులో ముందుగా పెట్టి ఉన్న గడువు.

ఇప్పుడు జర్మనీలో ఒక ఆన్‌లైన్ దుకాణాన్ని ఊహించుకుందాం. 48213 నంబరు కస్టమర్ మార్చి 3 ఉదయం తన వివరాలు చెరిపేయమని అడిగారు. ఐరోపా జీడీపీఆర్ చట్టంలోని 17వ అధికరణం ఆ హక్కు ఇస్తుంది. ఏం చేశారో మామూలుగా నెలలోపు చెప్పాలి. ఉద్యోగి ప్రధాన డేటాబేస్‌లో ఆ వరుసను డిలీట్ చేశారు. రెప్లికాకు ప్రతి మార్పూ లాగ్ ద్వారా అందుతుంది కాబట్టి, అక్కడా వరుస వెంటనే పోయింది. వేర్‌హౌస్ సంగతి వేరు. రాత్రి రెండు గంటల సింక్ దాన్ని ఇలా నింపుతుంది:

```sql
SELECT * FROM customers
WHERE updated_at > :last_sync;
```

మారిన వరుసలనే ఇది అడుగుతుంది. పోయిన వరుసకు మారిన సమయం ఉండదు. సింక్ ఏ లోపమూ చూపకుండా పూర్తవుతుంది, వేర్‌హౌస్‌లో 48213 పేరు, ఫోను అలాగే ఉండిపోతాయి. జిరాక్స్‌లో ఎదురైన చిక్కే ఇది.

వరుసను వెంటనే తీయకుండా, అందులోని పేరు, ఫోను, చిరునామా ఖాళీ చేసి, చెరిపిన తేదీ వేసి, `updated_at` మార్చడం మేలు. అప్పుడు అది సింక్ కంట పడుతుంది, వేర్‌హౌస్‌లోని పాత విలువల మీద ఖాళీ విలువలు రాస్తుంది. వేర్‌హౌస్ ప్రతి మార్పునూ చరిత్రగా దాచేదైతే ఇదీ చాలదు. పాత వరుసలను అక్కడ విడిగా తీయాలి.

బ్యాకప్‌ను మాత్రం సాధారణంగా మధ్యలో తెరిచి ఒక వరుస తీయరు. గడువు వరకు ఆగుతారు. ఈ దుకాణం బ్యాకప్‌లను 35 రోజులు ఉంచుతుందనుకుందాం. ఆ కస్టమర్ ఉన్న చివరి బ్యాకప్ మార్చి 3 తెల్లవారుజామున తీసినది, అంటే ఏప్రిల్ 7న పోతుంది. ఈలోగా మార్చి 20న డేటాబేస్ పాడై, మార్చి 1 నాటి బ్యాకప్‌ను ఎక్కించారంటే 48213 మళ్లీ లేచి కూర్చుంటారు. ఆ రాత్రి అన్ని వరుసలనూ తిరిగి పంపే పూర్తి సింక్ నడిపితే వేర్‌హౌస్‌లోకీ వచ్చేస్తారు.

ఇక్కడే నిద్రాణమైన డెత్ సర్టిఫికెట్ కావాలి. `erasure_log` అనే చిన్న పట్టికను ప్రధాన డేటాబేస్‌కు బయట, దాని బ్యాకప్‌లతో కలవకుండా ఉంచుతారు. లోపల ఉంచితే పాత బ్యాకప్‌తో పాటు అదీ పాతదైపోతుంది. అందులో కస్టమర్ నంబరు, తేదీ ఉంటే చాలు. పేరు, ఫోను రాస్తే చెరిపినదాన్నే మరోచోట దాచినట్లవుతుంది. పునరుద్ధరించాక ముందు సింక్ ఆపాలి, తర్వాత ఆ పట్టికలోని నంబర్లన్నిటికీ చెరిపివేత మళ్లీ నడపాలి, ఆ తర్వాతే సైటునూ సింక్‌నూ తెరవాలి. ఈ వరస తప్పితే పని రెట్టింపవుతుంది.

సింక్ ముగిసిన ప్రతి రాత్రీ `erasure_log` నకలును వేర్‌హౌస్‌లోకి తెచ్చి, అక్కడ ఇది అడగాలి:

```sql
SELECT c.id FROM customers c
JOIN erasure_log e ON e.customer_id = c.id
WHERE c.phone IS NOT NULL;
```

ఒక్క వరుస వచ్చినా ఎక్కడో పాత నకలు మేల్కొన్నట్టే.

కస్టమర్‌కు ఇవ్వాల్సిన జవాబు గడువు ఏప్రిల్ 3, బ్యాకప్ పోయేది ఏప్రిల్ 7. నాలుగు రోజుల ఈ తేడాను దాచకూడదు. బ్యాకప్‌లో మిగిలిన నకలును వాడబోమని, అది ఫలానా రోజున పోతుందని జవాబులో రాయాలి. ఆ తేదీ ఇచ్చేముందు ఇంకొకటి వెతకాలి: సాఫ్ట్‌వేర్ మార్చే ముందు ఇంజనీర్లు చేత్తో తీసి పెట్టుకున్న స్నాప్‌షాట్లు. చాలాచోట్ల వాటికి 35 రోజుల నియమం వర్తించదు. ఎవరో ఒకరు వెళ్లి తీసేదాకా అవి అలాగే ఉంటాయి, అవి ఉన్నంతకాలం `erasure_log`లో 48213 కూడా ఉండాలి.