మూడో ప్యాకెట్ ఎందుకు?

కంప్యూటర్ నెట్‌వర్క్స్ స్లైడుల్లో ఈ బొమ్మ లేని పాఠం ఉండదు. ఎడమ పక్క క్లయింటు, కుడి పక్క సర్వరు, నడుమ ఏటవాలుగా మూడు బాణాలు: సిన్, సిన్-యాక్, యాక్. దీన్నే త్రీ-వే హ్యాండ్‌షేక్ అంటారు. పరీక్షలో ఆ మూడు పేర్లూ వరసగా రాస్తే మార్కులు పడతాయి. అయితే ఒకరు అడిగారు, ఇంకొకరు సరేనన్నారు, రెండు బాణాలతో పని అయిపోవాలి కదా? మూడోది ఎందుకో తెలియాలంటే అంతకు ముందు చెప్పిన పొరల స్లైడు దగ్గరికి వెళ్లాలి.

1974లో వింట్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ తమ పత్రం ప్రచురించేనాటికి టీసీపీలో పొరలు లేవు. ప్యాకెట్‌ను దారి పట్టించడం, దారిలో పోయినదాన్ని మళ్లీ పంపడం రెండూ దాని పనులే. నెట్‌వర్క్ మీద మాటలు పంపి చూస్తున్నవాళ్లకు ఇది ఇబ్బంది అయింది. మాట్లాడుతుండగా పోయిన ముక్క ఆలస్యంగా తిరిగొస్తే ఉపయోగం లేదు. అందుకే 1978లో దాన్ని రెండుగా విడదీశారు. చిరునామా చూసి ముందుకు తోయడం కింది పొర ఐపీకి, నమ్మకంగా చేర్చే బాధ్యత పై పొర టీసీపీకి వచ్చాయి.

ఈ విభజనతో ఐపీ ఏ హామీ ఇవ్వనవసరం లేకపోయింది. ప్యాకెట్ పోవచ్చు, ఆలస్యం కావచ్చు, ఒకటే రెండుసార్లు రావచ్చు. అన్నిటికన్నా చిక్కుది ఈ చివరిదే. జవాబు రాలేదని పంపినవాడు మళ్లీ పంపుతాడు. మొదటిది నిజానికి పోలేదు, ఎక్కడో ఇరుక్కుంది. రెండోదానితో పని పూర్తయి కనెక్షన్ మూసేశాక, ఆ పాతది తాపీగా సర్వరు తలుపు తడుతుంది.

రెండు బాణాలే ఉన్నాయనుకోండి. ఆ పాత సిన్‌లో ఉన్న వరస సంఖ్య 2000. సర్వరు దాన్ని కొత్త కోరిక అనుకుని జవాబిచ్చి, మెమరీలో చోటు కేటాయించి, రాని డేటా కోసం కూర్చుంటుంది. క్లయింటుకు ఆ సంగతే తెలియదు. ఈ చిక్కును విప్పి మూడు అడుగుల పద్ధతి తెచ్చినవాడు బీబీఎన్ సంస్థలో పనిచేసిన రే టామ్లిన్సన్, ఈ-మెయిల్ చిరునామాలో @ పెట్టినవాడే. ఆయన పద్ధతిలో సర్వరు తన సంఖ్యతో పాటు ‘నీ నుంచి ఇక 2001 రావాలి’ అని చెబుతుంది. అలాంటిదేదీ తాను మొదలుపెట్టలేదని క్లయింటు చూసుకుని ఆర్‌ఎస్‌టీ ప్యాకెట్ పంపుతుంది. సర్వరు ఆ కనెక్షన్‌ను అక్కడే వదిలేస్తుంది.

సవ్యంగా జరిగినప్పుడు `tcpdump -S`లో ఇలా కనిపిస్తుంది. చదవడానికి వీలుగా సంఖ్యలు చిన్నవి చేసి, మిగతా వివరాలు తీసేశాను.

```
10.0.0.5.51000 > 10.0.0.9.80: Flags [S], seq 5000
10.0.0.9.80 > 10.0.0.5.51000: Flags [S.], seq 9000, ack 5001
10.0.0.5.51000 > 10.0.0.9.80: Flags [.], ack 9001
```

మూడో వరసలోని 9001 చూడండి. సర్వరు ఇప్పుడే ఇచ్చిన 9000 చేతికందినవాడు మాత్రమే ఆ సంఖ్య చెప్పగలడు. అవతల మనిషి ఉన్నాడని, ఈ మాట పాతది కాదని సర్వరుకు అప్పుడే రుజువవుతుంది.

ఇదంతా దారిలోని రూటర్లకు తెలియదు. 20 బైట్ల టీసీపీ హెడర్‌కు ముందు 20 బైట్ల ఐపీ హెడర్, దానికి ముందు 14 బైట్ల ఈథర్‌నెట్ హెడర్ చేరతాయి. ప్రతి రూటరూ పై ఈథర్‌నెట్ తొడుగు విప్పి, ఐపీ చిరునామా చూసి, కొత్త తొడుగు వేసి పంపుతుంది. టీసీపీని విప్పదు. (ఇంట్లోని వై-ఫై రూటరు, ఫైర్‌వాల్ మాత్రం పోర్టు నంబర్లు కూడా చూస్తాయి.) మనం కనెక్షన్ అనేది రెండు చివర్లలోని రెండు కంప్యూటర్ల మెమరీలో తప్ప ఇంకెక్కడా లేదు.

మూడో ప్యాకెట్ కోసం ఎదురుచూడటంలోనే బలహీనతా ఉంది. 1996 సెప్టెంబరులో న్యూయార్క్‌లోని ప్యానిక్స్ అనే ఇంటర్నెట్ సంస్థ మీద ఎవరో దొంగ చిరునామాలతో సిన్‌లు కుమ్మరించారు. సర్వర్లు రాని యాక్‌ల కోసం చూస్తూ నిండిపోయి, అసలు వినియోగదారులకు చోటు లేకపోయింది. డేనియల్ బెర్న్‌స్టీన్ అదే ఏడాది సూచించిన సిన్ కుకీల ఉపాయం ముచ్చటైనది. సర్వరు ముందుగా ఏమీ దాచుకోదు. క్లయింటు చిరునామా, పోర్టులు, సమయం, ఒక రహస్యం కలిపి లెక్కగట్టి ఆ ఫలితాన్నే తన వరస సంఖ్యగా పంపుతుంది. యాక్ తిరిగొస్తే, ఒకటి తీసేసి లెక్క మళ్లీ సరిచూస్తుంది. కుదిరితేనే మెమరీ ఇస్తుంది.

ఈసారి సర్వరుకు కనెక్ట్ కాకపోతే తెర మీది సందేశం జాగ్రత్తగా చదవండి. `Connection refused` అని వస్తే మీ సిన్ అవతలికి చేరి, ఆర్‌ఎస్‌టీ తిరిగొచ్చినట్టే. సాధారణంగా ఆ పోర్టు దగ్గర వినేవాడు లేడని అర్థం. `Connection timed out` అని వస్తే జవాబే రాలేదు. అప్పుడు ముందు ఫైర్‌వాల్‌ను, దారిని చూడండి.