మీకు తెలుసా? స్పంజి ఎముకకు సొంత రక్తనాళాలు దాదాపు అక్కరలేదు

తొడ ఎముక నడిమి భాగాన్ని అడ్డంగా కోసి, పలుచగా అరగదీసి సూక్ష్మదర్శిని కింద పరిశీలిస్తే, ఉల్లిపొరల వలె ఒకదాని చుట్టూ ఒకటి అమరిన పటలికలు, అంటే ఖనిజాలతో గట్టిపడిన కొల్లాజెన్ పొరలు, కనిపిస్తాయి. సుమారు 0.2 మిల్లీమీటర్ల వ్యాసం గల ఈ వలయాల గుంపును ఆస్టియాన్ అంటారు. దాని నడుమ రక్తనాళాలను మోసే హావర్షియన్ కుల్య ఉంటుంది. క్లాప్టన్ హావర్స్ 1691లో ఈ మార్గాలను వర్ణించినప్పుడు అవి మజ్జలోని కొవ్వును చేరవేస్తాయని భావించాడు.

గట్టిపడిన పదార్థం గుండా పోషకాలు వ్యాపించలేవు కనుక, పొరల మధ్య చిన్న గుంటలలో ఉండే ఎముక కణాలు సూక్ష్మకుల్యల ద్వారానే వాటిని పొందుతాయి. ఆ సన్నని దారులు కొద్ది దూరమే పనిచేస్తాయి కాబట్టి ఆస్టియాన్ అంతకు మించి పెద్దగా లావెక్కదు. పక్కపక్క ఆస్టియాన్ల నాళాలను కలిపే వోక్‌మన్ కుల్యలు అడ్డంగా సాగుతాయి. వాటి చుట్టూ వలయాకార పటలికలు ఉండకపోవడమే వాటిని పోల్చుకునే గుర్తు.

అదే ఎముక తలభాగంలోని స్పంజి ఎముకలోనూ పటలికలు ఉన్నప్పటికీ, దాని సన్నని కమ్ములను చుట్టూ ఉన్న మజ్జలోని రక్తనాళాలే పోషిస్తాయి కనుక, బాగా మందమైన కమ్ములలో తప్ప ఆస్టియాన్లు ఏర్పడవు.