డ్రమ్మా, డిస్కా, ఏబీఎస్సా: అదనపు సొమ్ము దేనికి?

బ్రేక్ చక్రాన్ని మాత్రమే ఆపుతుంది. బండిని ఆపే పని రోడ్డును పట్టుకున్న టైరుది. షోరూంలో డ్రమ్ మోడల్, డిస్క్ మోడల్, ఏబీఎస్ మోడల్ పక్కపక్కన పెట్టి ధరలు చెబుతున్నప్పుడు ఈ తేడా గుర్తుంటే చాలా సందేహాలు తీరిపోతాయి.

డ్రమ్ బ్రేక్‌లో చక్రంతోపాటు తిరిగే గిన్నెలాంటి డ్రమ్, దాని లోపల అర్ధచంద్రాకారంలో రెండు షూలు ఉంటాయి. లీవర్ నొక్కితే కేబుల్ ఒక చిన్న క్యామ్‌ను తిప్పుతుంది, షూలు విచ్చుకుని డ్రమ్ లోపలి గోడకు ఒరుసుకుంటాయి. తిరుగుతున్న డ్రమ్ ముందువైపు షూను తనవైపు ఇంకాస్త లాక్కుంటుంది కాబట్టి తక్కువ బలంతోనే బ్రేక్ పడుతుంది. చవకైన బండికి ఇది వరమే. మామూలు వేగాల్లో, పొడి రోడ్డు మీద, సరిగ్గా బిగించి ఉన్న డ్రమ్ కూడా చక్రాన్ని పట్టేయగలదు. చక్రం పట్టేసే స్థితికి వచ్చాక ఇక హద్దు టైరుదే. అందుకే ఒకే ఒక్కసారి ఆపి చూస్తే, డిస్క్ బండి కొనేవారు ఊహించినంత ముందుగా ఆగదు.

డిస్క్ గొప్పతనం వేడి దగ్గర తెలుస్తుంది. ఇద్దరు కూర్చున్న బండి మొత్తం బరువు 250 కిలోలు అనుకుందాం. గంటకు 60 కిలోమీటర్ల వేగం నుంచి ఒకసారి ఆగితే బ్రేకుల్లో దాదాపు 35 కిలోజౌళ్ల వేడి పుడుతుంది. అదే బండి తిరుమల నుంచి తిరుపతికి దిగితే సుమారు 700 మీటర్ల ఎత్తు తగ్గుతుంది. ఆ దిగుడులో వదిలించుకోవాల్సిన శక్తి 1,700 కిలోజౌళ్లు, అంటే 60 వేగం నుంచి దాదాపు 50 సార్లు ఆగినంత. గేరు బండిలో ఇంజనే కొంత భారం మోస్తుంది. స్కూటర్‌లో ఇంజన్ పట్టు తక్కువ కాబట్టి ఎక్కువ భాగం బ్రేకుల మీదే పడుతుంది. మూసి ఉన్న డ్రమ్‌లో ఈ వేడి త్వరగా బయటికి పోదు. వేడెక్కిన డ్రమ్ వ్యాకోచించి షూలకు కాస్త దూరమవుతుంది, షూల మీది లైనింగ్ పట్టు కూడా తగ్గుతుంది. లీవర్ మామూలు కంటే లోపలికి వస్తూ బండి ఆగడం తగ్గుతోందంటే అదే సూచన. అప్పుడు గట్టిగా నొక్కడం మందు కాదు, పక్కకు ఆపి చల్లారనివ్వాలి.

డిస్క్ మాత్రం గాలికి బయటే తిరుగుతుంది. కాలిపర్‌లోని రెండు ప్యాడ్లు దాన్ని ఇరువైపులా నొక్కుతాయి. వాన నీటిని ప్యాడ్లే తుడిచేస్తాయి. నీళ్లు నిలిచిన వీధి దాటాక డ్రమ్ లోపలికి చేరిన తడి మాత్రం నాలుగైదు సార్లు మెల్లగా బ్రేక్ వేసి ఆరబెట్టేదాకా సతాయిస్తుంది. డిస్క్‌లో కేబుల్ బదులు ఆయిల్ ఒత్తిడి పనిచేస్తుంది కాబట్టి ఎంత నొక్కితే అంత బ్రేక్ పడుతుంది. రోజువారీ ప్రయాణంలో చేతికి తెలిసే తేడా ఇదే.

ఇంతకీ డిస్క్ ఏ చక్రానికి? బ్రేక్ వేయగానే బండి బరువు ముందుకు వాలుతుంది. గట్టిగా ఆపినప్పుడు మొత్తం బరువులో సుమారు మూడు వంతులు ముందు టైరు మీదే ఉంటుంది. తేలికైన వెనక చక్రానికి పట్టు తక్కువ, కాస్త నొక్కినా జారుతుంది. అందుకని వెనక డిస్క్ కోసం పెట్టే డబ్బు చిన్న బండ్ల మీద ఎక్కువగా అలంకారానికే పోతుంది. ముందు డిస్క్, వెనక డ్రమ్ అన్న పాత ఏర్పాటులో లోపమేమీ లేదు.

కానీ మన రోడ్ల మీద చాలామంది ముందు బ్రేక్‌ను ముట్టుకోరు. వారి భయం అర్థంలేనిదీ కాదు. ముందు చక్రం జారడం మొదలైతే హ్యాండిల్ మాట వినదు, రెప్పపాటులో బండి పడిపోతుంది. ఈ భయానికి కట్టే మూల్యం లెక్క వేయవచ్చు. 60 కిలోమీటర్ల వేగంలో ఎదుటి ఆటో హఠాత్తుగా ఆగిందనుకుందాం. చూసి, తెలుసుకుని, చేయి కదిలేసరికి ఒక సెకను, అంటే 17 మీటర్లు గడిచిపోతాయి. ఆ తర్వాత వెనక బ్రేక్ ఒక్కటే వేస్తే ఆగడానికి మరో 45 మీటర్ల దాకా పడుతుంది. రెండూ బాగా వేస్తే పొడి రోడ్డుపై ఇందులో సగం, 23 మీటర్ల దగ్గర ఆగవచ్చు. డ్రమ్మా డిస్కా అన్న వాదన మొత్తంలో ఇంత పెద్ద తేడా ఎక్కడా కనిపించదు.

ఏబీఎస్ ఖరీదు చేసేది ఇక్కడే. చక్రం పక్కన ఉన్న సెన్సర్ దాని వేగాన్ని గమనిస్తూ ఉంటుంది. వేగం అసహజంగా పడిపోతే, చక్రం పట్టేయబోతోందని లెక్కగట్టి ఒక చిన్న యూనిట్ ఆయిల్ ఒత్తిడిని తగ్గిస్తుంది, మళ్లీ పెంచుతుంది. ఇది సెకనుకు ఎన్నోసార్లు జరుగుతుంది. లీవర్ కింద చిన్న అదురు తెలుస్తుంది. దాన్ని చూసి బెదిరి చేయి వదలకూడదు, నొక్కే ఉంచాలి. ఆయిల్ ఒత్తిడితోనే పని కాబట్టి ఈ బండ్లలో ఏబీఎస్ డిస్క్ ఉన్న చక్రానికే వస్తుంది. సింగిల్ చానెల్ అంటే సాధారణంగా ముందు చక్రానికి మాత్రమే, డ్యుయల్ చానెల్ అంటే రెంటికీ.

దీనికీ హద్దులున్నాయి. కంకర, ఇసుక మీద ఆగే దూరం పెరగవచ్చు. వంగి మలుపు తిరుగుతూ గట్టిగా బ్రేక్ వేస్తే చిన్న బండ్లలోని మామూలు ఏబీఎస్ పడిపోకుండా కాపాడుతుందన్న భరోసా లేదు. అరిగిన టైరుకు లేని పట్టును అది పుట్టించలేదు.

2019 ఏప్రిల్ 1 నుంచి దేశంలో 125 సీసీ దాటిన ద్విచక్ర వాహనాలన్నింటికీ ఏబీఎస్ తప్పనిసరి. అంతకన్నా చిన్నవాటికి అప్పట్లో ఏబీఎస్ లేదా సీబీఎస్ ఉంటే చాలన్నారు. సీబీఎస్‌లో ఒకే లీవర్ లేదా పెడల్ నొక్కితే రెండు బ్రేకులూ పడతాయి. వెనక బ్రేక్ మాత్రమే అలవాటైనవారికి ఇది మేలే, కానీ చక్రం జారకుండా ఆపడం దీని పని కాదు. చిన్న బండ్లకూ ఏబీఎస్ తప్పనిసరి చేయాలని 2025లో కేంద్రం ముసాయిదా తెచ్చింది.

ఇక డబ్బు సంగతి. 125 సీసీ బండ్లలో ముందు డ్రమ్‌కూ డిస్క్‌కూ తేడా నాలుగు వేల అటూఇటూ ఉంటూ వచ్చింది. ఏబీఎస్‌కు మరికొన్ని వేలు. ఊళ్లోనే 30, 40 వేగంతో తిరిగే బండికి మంచి డ్రమ్, మంచి టైర్లు సరిపోతాయి. హైవే ఎక్కే, ఘాట్ దిగే, వానలో తిరగక తప్పని బండికి ముందు డిస్క్ కావాలి. రెండింటికీ చాలినంత డబ్బు ఉంటే వెనక డిస్క్‌కు కాకుండా ముందు చక్రపు ఏబీఎస్‌కు పెట్టడమే తెలివైన ఖర్చు. పైగా ఏబీఎస్‌ను తర్వాత మెకానిక్ దగ్గర బిగించుకోవడం ఆచరణలో కుదరదు, కొనేటప్పుడే తేల్చుకోవాలి.

నిర్వహణలో డ్రమ్ చవక. నట్టు బిగించుకుంటూ పోవచ్చు, బ్రేక్ ప్లేటు మీది బాణం గుర్తు హద్దు చేరితే షూలు మార్చాలి. డిస్క్‌కు ప్యాడ్లతోపాటు దాదాపు రెండేళ్లకోసారి బ్రేక్ ఆయిల్ మార్పించాలి. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, అప్పుడు బాగా వేడెక్కితే లీవర్ మెత్తబడుతుంది. ఏబీఎస్ పాడైతే మామూలు బ్రేకులు పనిచేస్తూనే ఉంటాయి, రిపేరు మాత్రం ఖరీదు. సెకండ్‌హ్యాండ్ బండి చూసేటప్పుడు తాళం తిప్పి ఏబీఎస్ దీపం వెలుగుతోందో లేదో, బండి కాస్త కదలగానే ఆరిపోతోందో లేదో గమనించాలి. ఆరకపోతే సిస్టంలో లోపముంది. అసలు వెలగనే వెలగకపోతే లోపాన్ని దాచడానికి దీపం వైరు తీసేసి ఉండవచ్చు.