‘రేపటికల్లా వచ్చేస్తాయి’ అనే ముందు…

ఏటీఎంలో కార్డు పెట్టి పది వేలు అడిగాం. మిషన్ కాసేపు చప్పుడు చేసి ఊరుకుంది, నోట్లు మాత్రం రాలేదు. ఇంతలో ఖాతాలోంచి పది వేలు కట్ అయినట్టు ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. మర్నాడు బ్యాంకు తెరవగానే వెళ్లి మొర పెట్టుకుంటాం. మన కంగారు చూసి కౌంటర్‌లో ఉన్నవారు, ‘‘ఏం పర్లేదండీ, రేపటికల్లా వచ్చేస్తాయి’’ అంటారు. ధైర్యం చెబుదామనే అంటారు, కానీ ఆ ‘రేపు’ వారి చేతుల్లో లేదు.

ఎందుకంటే ఏటీఎం చాలాసార్లు వేరే బ్యాంకుది అయి ఉంటుంది. మన బ్యాంకు ఆ బ్యాంకును అడగాలి. వాళ్లు మిషన్‌లో నమోదైన లాగ్ చూడాలి. లోపల మిగిలిన నోట్లను లెక్కతో సరిచూడాలి. పది వేలు ఎక్కువ తేలితే కస్టమర్ చెప్పింది నిజమని రుజువవుతుంది. ఒక్కోసారి ఇదేమీ అక్కర్లేకుండా నిమిషాల్లోనే సొమ్ము తిరిగి జమవుతుంది. ఒక్కోసారి రోజులు పడుతుంది. ఎప్పుడు ఏది జరుగుతుందో కౌంటర్‌లో కూర్చున్నవారికి ముందుగా తెలియదు.

అయితే వారు ధైర్యంగా చెప్పగల గడువు ఒకటుంది. రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరులో ఇచ్చిన ఆదేశం ప్రకారం, ఇలా ఏటీఎంలో ఇరుక్కున్న సొమ్మును లావాదేవీ జరిగిన రోజు తర్వాత అయిదు రోజుల్లోగా వెనక్కి జమచేయాలి. అది దాటితే ఆలస్యమైన ప్రతి రోజుకూ 100 రూపాయల చొప్పున పరిహారం, కస్టమర్ అడగకపోయినా, ఖాతాలో వేయాలి. లెక్క మొదలయ్యేది ఫిర్యాదు ఇచ్చిన రోజు నుంచి కాదు, డబ్బు కట్ అయిన రోజు నుంచి. సెలవులు కూడా అందులో కలిసే ఉంటాయి.

ఒక ఉదాహరణ చూద్దాం. 4వ తేదీ గురువారం సాయంత్రం డబ్బు కట్ అయింది. శుక్రవారం పొద్దున ఒక రిటైర్డ్ టీచర్ బ్యాంకుకు వచ్చారు. కౌంటర్‌లో అమ్మాయి ఇలా చెబితే బాగుంటుంది:

‘‘మాస్టారూ, నిన్న సాయంత్రం బస్టాండ్ దగ్గరి ఏటీఎంలో పది వేలు రాలేదు, ఖాతాలో మాత్రం కట్ అయ్యాయి. అంతే కదండీ? ఫిర్యాదు రాసుకున్నాను, ఇదిగో నంబరు. ఆ ఏటీఎం వేరే బ్యాంకుది. వాళ్లు లెక్క చూసి చెప్పాలి, అది నా చేతుల్లో లేదు. 9వ తేదీ మంగళవారంలోగా జమ కావాలి. ఈలోపే రావచ్చు, కానీ ముందే వస్తాయని మాటివ్వలేను. సోమవారం సాయంత్రం నేనే ఫోన్ చేసి ఎక్కడిదాకా వచ్చిందో చెబుతాను.’’

ఇందులో ముందు వచ్చింది ఆయన చెప్పిన విషయమే. చోటు, మొత్తం, రోజు తిరిగి వినిపించడంతో తన మాట సరిగ్గా చెవిన పడిందని ఆయనకు నమ్మకం కలుగుతుంది. పొరపాటుంటే అక్కడే దిద్దుకోవచ్చు. తప్పు మిషన్‌దేనని ఆ అమ్మాయి తేల్చేయలేదు, ఆయన్ని అనుమానించనూ లేదు. విచారణ కాకముందు రెండూ తొందరపాటే.

అసలు కీలకం రెండు తేదీలను వేరుచేసి చెప్పడంలో ఉంది. మంగళవారం సొమ్ము రావలసిన గడువు, అది ఇతరుల మీద ఆధారపడింది. సోమవారం కబురు చెప్పే రోజు, అది పూర్తిగా ఆ అమ్మాయి చేతిలో ఉంది. తన చేతిలో ఉన్నదానికే ఆమె మాట ఇచ్చింది. ‘వీలైనంత త్వరగా’ అని ఉంటే మాస్టారు దాన్ని సాయంత్రమనే అనుకునేవారు, రోజూ బ్యాంకు చుట్టూ తిరిగేవారు.

సోమవారానికి కొత్త సంగతేమీ లేకపోయినా ఫోన్ చేయాల్సిందే. చాలాచోట్ల ఇక్కడే మాట తప్పుతారు, చెప్పడానికేమీ లేదు కదా అని ఊరుకుంటారు. ‘‘ఇంకా జవాబు రాలేదండీ, మళ్లీ గుర్తుచేశాను, రేపటి గడువు అలాగే ఉంది’’ అంటే చాలు. గడువు తప్పి 12న సొమ్ము జమైతే మూడు రోజుల ఆలస్యానికి 300 రూపాయలు రావాలన్న సంగతీ ఆమే చెప్పాలి.

సొమ్ము మిషన్‌లోంచి బయటికి వచ్చినట్టే రికార్డు చెబుతోందని అవతలి బ్యాంకు అంటే వ్యవహారం మారుతుంది. అప్పుడు పాత గడువునే పట్టుకుని సాగదీయకూడదు. ఆ మాట అదే రోజు చెప్పి, ఆధారాలూ సీసీటీవీ దృశ్యాలూ ఎలా అడగాలో వివరించాలి. బ్యాంకు జవాబు నచ్చకపోయినా, 30 రోజుల్లో జవాబే రాకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేసుకోవచ్చు.

కౌంటర్‌కు ఇవతల నిలబడే మనమూ ‘ఎప్పుడొస్తాయి’ అని అడిగి ఊరుకోవద్దు. ఫిర్యాదు నంబరు, ఆఖరు గడువు, మళ్లీ కబురు చెప్పే రోజు, ఈ మూడూ కాగితం మీద రాయించుకునే బయటికి రావాలి.