హెచ్‌డీఆర్ పెడితే బొమ్మ ఎందుకు మసకేస్తుంది?

కొత్త ఫోర్‌కే టీవీ, డబ్బా మీద పెద్దక్షరాలతో హెచ్‌డీఆర్ ముద్ర. మధ్యాహ్నం హాల్లో కర్టెన్లు తీసి సినిమా పెడితే, మిట్టమధ్యాహ్నం ఎండలో తీసిన సీను కాస్తా పొద్దుగూకే వేళ తీసినట్టు కనిపిస్తుంది. స్ట్రీమింగ్ బాక్సులో హెచ్‌డీఆర్ ఆపేస్తే తెరకి మళ్లీ కళ వస్తుంది. ఎక్కువ వెలుగు చూపిస్తానన్నదే తక్కువ చూపిస్తోందంటే టీవీలో ఏదో లోపం ఉందనిపించడం సహజమే. చాలా సందర్భాల్లో లోపం ఏమీ ఉండదు. వెలుగుని లెక్కగట్టే పద్ధతే మారిపోయింది.

తెర వెలుగుని నిట్లలో కొలుస్తారు. పాత పద్ధతిలో, అంటే ఎస్‌డీఆర్‌లో, స్టూడియోలో సినిమాకి రంగులు దిద్దేవాళ్లు 100 నిట్ల తెల్లదనాన్ని గరిష్ఠంగా పెట్టుకుంటారు. అయితే సిగ్నల్‌లో 100 నిట్లు అని రాసి ఉండదు. ‘ఇది పూర్తి తెలుపు, అది అందులో సగం’ అన్నట్టు పాళ్లు మాత్రమే ఉంటాయి. మీ టీవీ 300 నిట్లు ఇవ్వగలిగితే ఆ పూర్తి తెలుపుని 300 దాకా లేపేస్తుంది. దాంతోపాటు మిగతావన్నీ లేస్తాయి.

హెచ్‌డీఆర్ సినిమాలు ఎక్కువగా వాడేది పీక్యూ అనే కొలమానం. 2014లో ప్రమాణంగా వచ్చింది. ఇందులో ప్రతి అంకెకీ ఒక ఖచ్చితమైన వెలుగు ఉంటుంది. సున్నా నుంచి 10,000 నిట్ల దాకా. ‘ఈ చుక్క 40 నిట్లు’ అని సిగ్నల్ చెబితే టీవీ 40 నిట్లే చూపాలి. మీ గది చీకటిగా ఉందా, ఎండతో నిండి ఉందా అన్న సంగతి దానికి పట్టదు. ఆ 40 నిట్లని నిర్ణయించిన మనిషి కూర్చున్నది మసక వెలుగున్న గదిలో. అసలు తిరకాసు ఇక్కడే ఉంది.

ఒక సీను తీసుకుని లెక్క కట్టి చూద్దాం. గుడి ముందు ఎండలో పెళ్లిబృందం నిలబడి ఉంది. స్టూడియోలో పెళ్లికూతురి ముఖానికి 40 నిట్లు, తెల్ల పంచెలకి 150, తళుక్కుమంటున్న గుడి కలశానికి 900 నిట్లు ఇచ్చారనుకుందాం. మన టీవీ శక్తి 300 నిట్లు. తక్కువ ధర ఎల్ఈడీ టీవీలు చాలావరకు ఈ చుట్టుపక్కలే ఉంటాయి. అదే సీను ఎస్‌డీఆర్‌లో చూసినప్పుడు ముఖానిది 100లో 40 వంతు. టీవీ అన్నిటినీ మూడింతలు చేసేసరికి ముఖం 120 నిట్లతో వెలిగింది. హెచ్‌డీఆర్‌లో అదే ముఖం 40 దగ్గరే ఆగిపోతుంది. రాత్రి లైట్లు ఆపి చూస్తే ఆ 40 నిండుగానే ఉంటుంది. పగటి వెలుగులో చాలదు. పోనీ బ్రైట్‌నెస్ పెంచుదామంటే, హెచ్‌డీఆర్‌లోకి వెళ్లగానే చాలా టీవీలు బ్యాక్‌లైట్‌ని ఉన్నంతా వాడేస్తాయి. ఇక పెంచడానికి ఏమీ మిగలదు.

కలశం సంగతి వేరు. 900 నిట్ల మెరుపుని 300లోకి దించాలి. ఈ పనిని టోన్ మ్యాపింగ్ అంటారు. 150 నిట్ల దాకా ఉన్నదున్నట్టు చూపించి, ఆ పైనున్న వెలుగులన్నిటినీ మిగిలిన కాస్త జాగాలో సర్దుతారనుకోండి. పండగ రోజు పల్లెవెలుగు బస్సు లాగా తయారవుతుంది పరిస్థితి: అందరూ ఎక్కుతారు గానీ ఎవరి ముఖమూ విడిగా కనిపించదు. మబ్బుల అంచులు, పంచె మడతలు, ఇత్తడి మీది మెరుపు ఒకదానిలో ఒకటి కలిసిపోయి, వెలుగుండాల్సిన చోట పాలిపోయిన తెలుపు మిగులుతుంది.

ఈ సర్దుబాటు ఎలా చేయాలో టీవీకి చెప్పే తీరులోనే ఫార్మాట్ల మధ్య ముఖ్యమైన తేడా ఉంది. హెచ్‌డీఆర్10 అందరికీ ఉచితం, అన్ని టీవీల్లోనూ ఉంటుంది. అది సినిమా మొత్తానికీ కలిపి ఒకే చీటీ పంపుతుంది: ఇందులో అత్యంత ప్రకాశవంతమైన చుక్క ఇన్ని నిట్లు అని. ఎక్కడో క్లైమాక్స్‌లో ఒక్క పేలుడు 4,000 నిట్లకి చేరితే చీటీలో పడేది ఆ అంకే. చీటీనే నమ్ముకున్న టీవీ, ఆ ఒక్క పేలుడు కోసం జాగా ఉంచుతూ సినిమా పొడుగునా పై వెలుగుల్ని తొక్కిపెడుతుంది. పెళ్లి సీనులో పంచెలు మసకబారడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. డాల్బీ విజన్, శాంసంగ్ ముందుండి నడిపించిన హెచ్‌డీఆర్10 ప్లస్ సీను సీనుకీ వేరే చీటీ పంపుతాయి. నా లెక్కలో వీటి ప్రయోజనం ఖరీదైన టీవీల కంటే 300 నిట్ల టీవీకే ఎక్కువ. ఎందుకంటే సర్దుకోవాల్సిన అవసరం ఎక్కువగా ఉన్నది దానికే. బీబీసీ, జపాన్ ఎన్‌హెచ్‌కే కలిసి ప్రసారాల కోసం చేసిన హెచ్ఎల్‌జీ దారి వేరు. అది పాత పద్ధతిలాగే పాళ్లతో నడుస్తుంది, కాబట్టి టీవీ తన శక్తికి తగ్గట్టు వెలుగు పెంచుకోవచ్చు.

ఓఎల్ఈడీ టీవీ కొన్నవాళ్లకి ఎదురయ్యేది మరో రకం మసక. చీకట్లో ఒక దీపాన్ని 800 నిట్లతో చూపించే తెర, మంచు కప్పిన కొండలు తెరంతా పరుచుకున్నప్పుడు 150కి పడిపోవచ్చు. ప్రతి చుక్కా తనంతట తాను వెలిగే తెర అది. అన్నీ ఒకేసారి పూర్తిగా వెలిగితే కరెంటు, వేడి హద్దు దాటుతాయి కాబట్టి టీవీయే తగ్గించేస్తుంది. తెల్లటి భాగం పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంటే కారణం ఇదేనని గుర్తు. దీన్ని సెట్టింగులతో పూర్తిగా పోగొట్టలేం.

ఇంతవరకూ చెప్పింది మసక గురించి. రంగులన్నీ వెలిసిపోయి, నలుపు బూడిదగా మారి, బొమ్మ మీద సన్నటి పొర కప్పినట్టుంటే అది వేరే జబ్బు. పీక్యూ సిగ్నల్‌ని టీవీ గాని, ప్లేయర్ గాని గుర్తుపట్టక పాత పద్ధతిలోనే చదివేస్తోందన్నమాట. పీక్యూలో 100 నిట్ల తెలుపు మొత్తం కొలబద్దలో దాదాపు సగం దగ్గరే ఉంటుంది. పాత పద్ధతిలో ఆ సగం అంటే ముదురు బూడిద రంగు. పెళ్లిబృందం పంచెలు అలా బూడిదైపోతాయి, పట్టుచీరల రంగు కూడా పాలిపోతుంది. అప్పుడు ముందు చూడాల్సింది టీవీలో ఆ హెచ్‌డీఎంఐ పోర్టుకి సంబంధించిన సెట్టింగు. కొన్ని కంపెనీలు దీన్ని Input Signal Plus అనో, HDMI Deep Colour అనో పిలుస్తాయి. అది ఆపేసి ఉంటే టీవీకి హెచ్‌డీఆర్ సిగ్నల్ సరిగా అందదు. ముఖాలు ఆకుపచ్చగా, ఊదాగా కనిపిస్తే మాత్రం డాల్బీ విజన్ ఫైలుని అది తెలియని ప్లేయర్‌లో వేసినట్టే.

విండోస్ కంప్యూటర్‌లో హెచ్‌డీఆర్ ఆన్ చేయగానే డెస్క్‌టాప్ వెలవెలబోవడం అందరికీ అనుభవమే. అక్కడ మామూలు బొమ్మల్ని కూడా హెచ్‌డీఆర్ కొలమానంలోకి మార్చి చూపిస్తారు. సెట్టింగ్స్‌లో SDR content brightness అనే జారుడు మీట కొంత సరిచేస్తుంది. నిజమైన హెచ్‌డీఆర్ సినిమా లేదా గేమ్ చూసేటప్పుడు మాత్రమే ఆన్ చేసుకోవడం నయం. `Win + Alt + B` నొక్కితే వెంటనే మారుతుంది.

టీవీ దగ్గర ముందుగా ఒక పరీక్ష చేయండి. అదే సీనుని రాత్రి లైట్లు ఆపి చూడండి. బావుందనిపిస్తే తేడా గదిలోని వెలుగుదే. అప్పుడు పగటిపూట కోసం పవర్ సేవింగ్ ఆపి, Dynamic Tone Mapping లేదా HDR Tone Mapping అనే పేరుతో ఉన్నదాన్ని ఆన్ చేయండి. అది దర్శకుడి లెక్కని కొంచెం తప్పించి ముఖాల వెలుగు పెంచుతుంది. శుద్ధవాదులు ఒప్పుకోరు గానీ, ఎండ పడే హాల్లో కూర్చునేది వాళ్లు కాదు. అప్పటికీ చాలకపోతే పగలు ఎస్‌డీఆర్‌లోనే చూడొచ్చు.

రాత్రి చూసినా మసకగానే ఉంటే స్ట్రీమింగ్ బాక్సుని అనుమానించాలి. కొన్నిటిలో Always HDR అని ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే పాత సినిమాలు, వార్తలు, సీరియళ్లు అన్నీ బలవంతంగా హెచ్‌డీఆర్ వేషం వేసుకుని మసకబారుతాయి. దాన్ని Adaptive కి గాని, Match Dynamic Range కి గాని మారిస్తే హెచ్‌డీఆర్‌లో తీసినది మాత్రమే హెచ్‌డీఆర్‌లో వస్తుంది.