కన్వర్టబుల్ నోటు సొమ్ము ఇంకా వాటాధనం కాదు

అనకాపల్లి

కంపెనీ డైరెక్టరు గారికి,

విషయం: కన్వర్టబుల్ నోటు మీద వచ్చిన 50 లక్షల రూపాయలను పద్దుల్లో ఎక్కడ చూపాలన్నది.

బెల్లం పొడి యంత్రాలకు బ్యాంకు లోను కోసం మీరు రాయించిన ప్రాజెక్టు రిపోర్టు చదివాను. ప్రమోటర్ల సొంత పెట్టుబడి 51 లక్షలని అందులో ఉంది. అందులో మీరు షేర్ల మీద కట్టింది లక్ష రూపాయలు, అంటే పది రూపాయల షేర్లు 10,000. మిగతా 50 లక్షలు ఇన్వెస్టరు గారు నోటు మీద ఇచ్చినవి. ఆయన లాభనష్టాల్లో పాలు పంచుకోవడానికే వచ్చారు కనుక అది పెట్టుబడే అవుతుందని మీ వాదన. ఆయన ఉద్దేశం అదే కావచ్చు. కానీ పద్దు రాసేది ఉద్దేశాన్ని బట్టి కాదు, ఆ కాగితం ఈ రోజు ఎవరికి ఏ హక్కు ఇస్తోందో దాన్ని బట్టి.

కంపెనీలు డిపాజిట్లు తీసుకోవడం గురించిన 2014 నాటి నియమాల్లోకి కన్వర్టబుల్ నోటు 2016లో వచ్చింది. ఆ నియమం ప్రకారం ఈ నోటు మొదట అప్పుగా తీసుకున్న సొమ్ముకు రుజువు. నోటు పట్టుకున్నవారు కోరితే ఆ సొమ్ము తిరిగి చెల్లించాలి. లేదా ముందుగా రాసుకున్న సంఘటన జరిగినప్పుడు అది ఈక్విటీ షేర్లుగా మారుతుంది. అందుకు గడువు మొదట 5 ఏళ్లు ఉండేది, 2020లో 10 ఏళ్లకు పెంచారు. మీరు రాసుకున్న నోటులో గడువు 3 ఏళ్లే. తిరిగి అడిగే హక్కు ఎదుటివారి చేతిలో ఉన్నంతకాలం ఇచ్చే బాధ్యత కంపెనీ మీద ఉన్నట్టే. ఆ బాధ్యతనే మనం అప్పు అంటాం.

రెండో కారణం ఇంకా లోతైనది. ఆయనకు ఎన్ని షేర్లు రావాలో ఈ రోజు ఎవరూ చెప్పలేరు. మన ఊరి బెల్లం వ్యాపారంలో షావుకారు సీజనుకు ముందే రైతుకు అడ్వాన్సు ఇస్తాడు. దిమ్మలు మార్కెట్టుకు వచ్చి, ఆ రోజు ధర తేలి, కాటా వేసేదాకా ఆ సొమ్ము రైతు పేరున బాకీగానే ఉంటుంది. ఆ బాకీ ఎన్ని దిమ్మలతో తీరుతుందో ధర తేలాకే తెలుస్తుంది. నోటు కూడా ధర కోసం ఎదురుచూస్తున్న బాకీయే.

మన నోటునే తీసుకుని లెక్క చూద్దాం. అందులో రెండు షరతులున్నాయి. తర్వాతి ఇన్వెస్టరు పెట్టే షేరు ధర మీద ఈయనకు 20 శాతం తగ్గింపు ఒకటి. ఈయన షేరు ధర కట్టేటప్పుడు కంపెనీ విలువను 5 కోట్లకు మించి లెక్కించకూడదన్న పరిమితి రెండోది. ఈ రెండింటిలో ఏది తక్కువ ధర ఇస్తే అదే ఆయనకు వర్తిస్తుంది. వడ్డీ లేదు కనుక లెక్క తేలికే.

కొత్త ఇన్వెస్టరు కంపెనీని 8 కోట్లకు విలువ కట్టారనుకుందాం. షేరు ధర 8,000 అవుతుంది, 20 శాతం తగ్గిస్తే 6,400. పరిమితి ప్రకారం చూస్తే 5 కోట్లను 10,000తో భాగించగా 5,000. తక్కువది 5,000 కనుక 50 లక్షలకు ఆయనకు 1,000 షేర్లు వస్తాయి. మొత్తం 11,000 షేర్లలో అది సుమారు 9.09 శాతం.

ఇప్పుడు వ్యాపారం మందగించి కంపెనీకి రెండున్నర కోట్లే విలువ కట్టారనుకుందాం. షేరు ధర 2,500, తగ్గింపు పోను 2,000. పరిమితి ధర 5,000 ఇక్కడ పనికిరాదు. ఆయనకు 2,500 షేర్లు వస్తాయి. అంటే 12,500 షేర్లలో సరిగ్గా 20 శాతం. కొత్త ఇన్వెస్టరు తీసుకునే వాటా ఈ రెండు లెక్కలకూ పైన ఉంటుంది. ఇక 3 ఏళ్లలో కొత్త ఇన్వెస్టరు ఎవరూ రాకపోతే ఒక్క షేరూ పుట్టకపోవచ్చు. ఆయన తన 50 లక్షలు తిరిగి అడగవచ్చు. ఒకే కాగితం నుంచి 9 శాతం, 20 శాతం, సున్నా, ఈ మూడూ రాగలవు. అలాంటప్పుడు ఇప్పుడే ఏదో ఒక శాతం వాటాగా రాసేస్తే అది ఊహే అవుతుంది.

పోనీ షేర్ దరఖాస్తు సొమ్ముగా చూపుదామన్నారు. దానికీ వీల్లేదు. దరఖాస్తు సొమ్ముకు షేర్ల సంఖ్య, ధర ముందే తేలి ఉండాలి. సొమ్ము అందిన 60 రోజుల్లో షేర్లు కేటాయించాలి. లేకపోతే ఆ పైన 15 రోజుల్లో వాపసు ఇవ్వాలి. మన నోటుకు ఆ లక్షణాలేవీ లేవు.

కాబట్టి బ్యాలెన్స్ షీటులో ఆ 50 లక్షలు దీర్ఘకాలిక రుణాల కింద ఉంటాయి, గడువు 12 నెలల్లోకి వచ్చాక స్వల్పకాలిక రుణాల కిందికి మారతాయి. ఆయన పేరు సభ్యుల రిజిస్టరులో ఉండదు, ఓటు ఉండదు, డివిడెండు రాదు. కంపెనీ మూతపడితే మాత్రం వాటాదారులైన మీకంటే ముందు ఆయన బాకీ తీరాలి. ఈ సంవత్సరం 20 లక్షల నష్టం వస్తే మన సొంత నిధి లక్ష పోయి, మైనస్ 19 లక్షలవుతుంది. నోటు సొమ్ము బ్యాంకు ఖాతాలో ఉన్నా ఆ లోటు పూడదు.

షేర్లుగా మారే రోజున పద్దు ఎలా మారుతుందో కూడా చూడండి. పై రెండో లెక్క ప్రకారం 2,500 షేర్లు కేటాయిస్తూ బోర్డు తీర్మానం చేశాక రుణం ఖాతాలో 50 లక్షలు తీసేస్తాం. వాటాధనం ఖాతాకు పది రూపాయల చొప్పున 25,000, సెక్యూరిటీస్ ప్రీమియం ఖాతాకు మిగతా 49,75,000 జమ చేస్తాం. విజయవాడలోని కంపెనీల రిజిస్ట్రారుకు పీఏఎస్-3 ఫారంలో ఆ కేటాయింపు తెలుపుతాం. ఆ సొమ్ము వాటాధనం అయ్యేది ఆ కేటాయింపుతోనే. అప్పటిదాకా అది ఏటా జూన్ 30లోగా దాఖలు చేసే డీపీటీ-3 రిటర్నులో, డిపాజిటు కాని సొమ్ముగా కనిపిస్తుంది.

డిపాజిటు కాదన్న ఈ మినహాయింపు ఊరికే రాదు. కంపెనీ ప్రైవేటు లిమిటెడ్ అయి, కేంద్ర వాణిజ్య, పరిశ్రమల శాఖకు చెందిన డీపీఐఐటీ గుర్తింపు ఉన్న స్టార్టప్ అయి ఉండాలి. ఒక్కొక్కరి నుంచి కనీసం 25 లక్షలు ఒకే విడతలో రావాలి. మన 50 లక్షలు ఒకే బదిలీలో వచ్చాయి కనుక చిక్కు లేదు. అదే సొమ్ము 30, 20 లక్షలుగా రెండు విడతల్లో వచ్చి ఉంటే, రెండో విడతకు ఈ మినహాయింపు అందేది కాదు. ఐదుగురు మిత్రులు పదేసి లక్షలు ఇచ్చినా అంతే. బ్యాంకు స్టేట్‌మెంటులో తేదీ, మొత్తం చూస్తేనే ఈ తప్పు బయటపడుతుంది. ఇంకొకటి, అప్పును షేర్లుగా మార్చే షరతుకు సొమ్ము తీసుకోకముందే వాటాదారుల ప్రత్యేక తీర్మానం ఉండాలని కంపెనీల చట్టం 62వ సెక్షను చెబుతుంది. మన తీర్మానం తేదీ సొమ్ము వచ్చిన తేదీకి ముందే ఉంది. ఆ ప్రతిని జాగ్రత్త చేయండి.

తప్పనిసరిగా ఈక్విటీగా మారే ప్రిఫరెన్స్ షేర్లయితే మొదటి రోజు నుంచే వాటాధనం కింద ఉంటాయి. అవి కేటాయించిన షేర్లు. ఇన్వెస్టరు అసలు తిరిగి అడిగే దారి అక్కడ ఉండదు. మీ పక్క పరిశ్రమ బ్యాలెన్స్ షీటులో ఇన్వెస్టరు సొమ్ము వాటాధనంగా కనిపించి ఉంటే, అది ఏ కాగితం మీద వచ్చిందో ముందు అడగండి.

బ్యాంకుకు వెళ్లేముందు మీకు రెండు దారులున్నాయి. ఇన్వెస్టరు గారు ఒప్పుకుంటే నోటును సవరించి, ఇప్పుడే 5,000 ధరకు 1,000 షేర్లుగా మార్చుకోవచ్చు. అప్పుడు అది నిజంగానే సొంత నిధి అవుతుంది. ఒప్పుకోకపోతే, బ్యాంకు లోను తీరేదాకా సొమ్ము అడగనని ఆయన చేత హామీపత్రం రాయించి, రిపోర్టులో దాన్ని రుణంగానే చూపి, ఆ పత్రాన్ని జత చేయాలి. దానికి ఎంత విలువ ఇవ్వాలన్నది బ్యాంకు నిర్ణయం. ఆయనతో మాట్లాడి ఏ దారో చెప్పండి. రిపోర్టులోని 51 లక్షల అంకెను ఆ తర్వాతే సరిచేసి సంతకం చేస్తాను.

ఇట్లు,
మీ అకౌంటెంటు